ధ్వని ఏ దిక్కు నుంచి వచ్చింది? రెండు చెవుల లెక్క

1. పరిచయం

కంటి వెనుక తెరపై వస్తువు ప్రతిబింబం ఏ చోట పడిందన్నదే ఆ వస్తువు ఉన్న దిక్కును చెబుతుంది. చెవిలో అలాంటి ఏర్పాటు లేదు. లోపలి చెవిలోని కాక్లియా ధ్వనిని పౌనఃపున్యాల వారీగా విడదీస్తుందే తప్ప దిక్కుల వారీగా కాదు. కాబట్టి దిక్కును మెదడు లెక్కకట్టవలసిందే. రెండు చెవులకు అందిన సంకేతాల మధ్య కాలంలోను, తీవ్రతలోను ఉన్న తేడాలే ఆ లెక్కకు ఆధారం. ఈ రెండు ఆధారాలు వేర్వేరు పౌనఃపున్యాల వద్ద పనిచేస్తాయని లార్డ్ రేలీ 1907లో వివరించాడు.

2. ఒక ఉదాహరణ

నల్లమల అంచున ఉన్న అర్ధవీడు ప్రాంతంలో మేకల కాపరి ఒకడు పొద్దుగూకే వేళ తప్పిపోయిన మేకను వెతుకుతున్నాడనుకోండి. పొదల వల్ల మేక కనబడదు. దాని మెడలోని చిరుగంట మాత్రం వినబడుతోంది. మేక అతనికి ఎదురుగా, 30 డిగ్రీలు కుడివైపున ఉంది.

ధ్వని ముందు కుడి చెవిని చేరుతుంది. ఎడమ చెవిని చేరాలంటే తల చుట్టూ మరికొంత దూరం పోవాలి. తలను 8.75 సెంటీమీటర్ల వ్యాసార్థం గల గోళంగా భావిస్తే ఆ అదనపు దూరం:

r(θ + sin θ) = 8.75 × (0.524 + 0.5) ≈ 9 సెం.మీ.

ఇక్కడ θ ను రేడియన్లలో తీసుకోవాలి. 31 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద గాలిలో ధ్వని వేగం సెకనుకు దాదాపు 350 మీటర్లు. అంటే ఎడమ చెవికి ధ్వని సుమారు 256 మైక్రోసెకన్లు ఆలస్యంగా అందుతుంది. మేక సరిగ్గా కుడి పక్కన ఉంటే తేడా 643 మైక్రోసెకన్ల వరకు పెరుగుతుంది. ఇంతకు మించిన తేడా ఈ తలకు రాదు.

3. తీవ్రతలో తేడా ఎప్పుడు వస్తుంది?

500 హెర్ట్జ్ ధ్వని తరంగదైర్ఘ్యం 70 సెంటీమీటర్లు. అది తలను సులభంగా చుట్టి పోతుంది కనుక రెండు చెవులకు దాదాపు ఒకే తీవ్రతతో అందుతుంది. 5000 హెర్ట్జ్ వద్ద తరంగదైర్ఘ్యం 7 సెంటీమీటర్లే. అప్పుడు తల అడ్డుగోడలా నిలిచి, అవతలి చెవిపై 'ధ్వని నీడ' వేస్తుంది. బాగా ఎక్కువ పౌనఃపున్యాల వద్ద ఈ తేడా 20 డెసిబెల్స్ వరకు ఉండవచ్చు.

కాలంలోని తేడా ఇందుకు విరుద్ధం. 1500 హెర్ట్జ్ వద్ద ఒక ఆవర్తనానికి పట్టే కాలం 667 మైక్రోసెకన్లు, అంటే తల ఇవ్వగల గరిష్ఠ తేడాకు దాదాపు సమానం. అక్కడి నుంచి ఒక చెవిలోని ఏ తరంగ శిఖరానికి రెండో చెవిలోని ఏ శిఖరం జతో తేల్చడం కష్టం. అందువల్ల గేదె అరుపు వంటి బొంగురు ధ్వనికి ముఖ్యంగా కాలం, చిరుగంట వంటి సన్నని ధ్వనికి ముఖ్యంగా తీవ్రత ఆధారమవుతాయి.

4. శ్రవణ మార్గంలో జరిగేది

శ్రవణ నాడి ద్వారా సంకేతాలు మొదట కాక్లియర్ కేంద్రకానికి, అక్కడి నుంచి మెదడు కాండంలోని ఆలివ్ కేంద్రకాలకు చేరుతాయి. రెండు చెవుల సంకేతాలు మొదటిసారి ప్రధానంగా కలిసేది ఇక్కడే.

మీడియల్ సుపీరియర్ ఆలివ్‌లోని నాడీకణాలు రెండు చెవుల సంకేతాలు ఏకకాలంలో చేరినప్పుడు బలంగా స్పందిస్తాయి. ముందుగా వచ్చిన సంకేతానికి పొడవైన నాడీతంతువు ఆలస్యాన్ని కలిగిస్తే రెండూ ఒకేసారి చేరతాయని జెఫ్రెస్ 1948లో ప్రతిపాదించాడు. గుడ్లగూబలో ఇటువంటి ఏర్పాటు కనుగొన్నారు. క్షీరదాలలో మాత్రం నిరోధక సంకేతాల పాత్ర కూడా ఉందని తరువాతి ప్రయోగాలు సూచించాయి. దానిపై చర్చ కొనసాగుతోంది.

లేటరల్ సుపీరియర్ ఆలివ్ చేసేది తీసివేత. తన వైపు చెవి దానిని ఉత్తేజపరుస్తుంది, అవతలి చెవి నిరోధిస్తుంది. మన ఉదాహరణలో గంట కుడి చెవికి గట్టిగా వినబడుతుంది కనుక కుడివైపు కేంద్రకం ఎక్కువగా స్పందిస్తుంది. దాని ఉత్తేజక సంకేతాలు మధ్యమెదడులో ఎడమవైపున్న ఇన్‌ఫీరియర్ కొలిక్యులస్‌కు దాటుతాయి. అక్కడి నుంచి సమాచారం థాలమస్ మీదుగా శ్రవణ వల్కలానికి పోతుంది.

5. పరిమితులు, లోపాలు

మేక ఎదుట 30 డిగ్రీల కుడికి కాక, వెనుక అదే కోణంలో ఉన్నా కాలవ్యత్యాసం 256 మైక్రోసెకన్లే. కాపరి తలను కొంచెం కుడికి తిప్పితే చిక్కు వీడుతుంది. తేడా తగ్గితే మేక ముందుంది, పెరిగితే వెనుక ఉంది. చెవి డొప్ప ముడతలు సన్నని ధ్వనులను మార్చే తీరు కూడా ముందు వెనుకలను, ఎత్తుపల్లాలను తెలుపుతుంది.

ఒక చెవి పనిచేయకపోతే ఈ పోలికే కుదరదు. అటువంటి వ్యక్తికి మాట స్పష్టంగా వినబడవచ్చు. కానీ పిలిచిన వైపు కాక మంచి చెవి వైపు తిరుగుతాడు. రోడ్డు దాటేటప్పుడు హారన్ విన్నా, బండి ఏ వైపు నుంచి వస్తోందో గుర్తించలేడు. ఒక చెవిలో గులిమి గట్టిపడినా, చీము పట్టినా ఈ ఇబ్బంది కొంతకాలం కలగవచ్చు. కాబట్టి పిల్లవాడు పదేపదే తప్పు వైపు తిరుగుతుంటే, మాట వినబడుతోంది కదా అని ఊరుకోకుండా రెండు చెవులను విడివిడిగా పరీక్ష చేయించాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ధ్వని 90 డిగ్రీల కుడివైపు నుంచి వచ్చినప్పుడు అదనపు దూరం ఎంత? (θ = 1.571 రేడియన్లు, జవాబు: సుమారు 22.5 సెం.మీ.)
2. 500 హెర్ట్జ్ ధ్వని దిక్కును గుర్తించడానికి తీవ్రతలోని తేడా ఎందుకు అంతగా ఉపయోగపడదు?