అన్నా, చీర వెనకవైపు ఫొటో పెట్టండి

శ్రావణమాసం ఆర్డర్ల కోసం మా సప్లయర్ వాట్సాప్‌లో ఆరు పోచంపల్లి పట్టుచీరల ఫొటోలు పెట్టాడు. ఒక్కోటి 7,500. రంగులు అదిరిపోయాయి. కానీ అన్నీ మడతపెట్టి పైనుంచి తీసినవే. ఇన్‌స్టాలో నాది చిన్న పేజీ. 45 వేలు పోసి కొన్నాక ప్రింట్ అని తేలితే? గతేడాది ఒకసారి అలా చేతులు కాల్చుకున్నా. అందుకే ఈసారి డబ్బు పంపకముందే ఈ మెసేజ్ పెట్టా:

“అన్నా, చీరలు బాగున్నాయి. ఆరూ తీసుకుంటా. కాకపోతే ఒక్కోదానికి మూడు ఫొటోలు కావాలి. ఒకటి, కొంగు మూల తిప్పి ముందు, వెనక రెండూ కనపడేలా. రెండు, డిజైన్ అంచు దగ్గర నుంచి, దారాలు కనపడాలి. మూడు, సిల్క్ మార్క్ లేబుల్, నంబర్ చదవగలిగేలా. పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా తీయండి. పక్కన కాగితం మీద ఇవాళ్టి తేదీ రాసి పెట్టండి. డాక్యుమెంట్‌గా పంపండి, మామూలుగా పంపితే మసకబారుతున్నాయి. అనుమానం కాదన్నా, కస్టమర్లు అడుగుతారు.”

చివరి మాట సగం అబద్ధమే. అనుమానమే!

వెనకవైపు ఎందుకంటే, ఇక్కత్‌లో బట్ట నేశాక రంగు వేయరు. ముందే దారాలకు ముళ్లు కట్టి, రంగుల్లో ముంచి, ఆ తర్వాత నేస్తారు. రంగు దారంలోనే ఉంటుంది కాబట్టి రెండు వైపులా డిజైన్ దాదాపు ఒకేలా కనపడుతుంది. ప్రింట్‌లో వెనకవైపు వెలిసినట్టు ఉంటుంది. అయితే పల్చటి పట్టు మీద ప్రింట్ రంగు వెనక్కి కూడా దిగొచ్చు. అప్పుడు క్లోజప్పే దిక్కు. నేసేటప్పుడు దారాలు కాస్త అటూఇటూ జరుగుతాయి, అందుకే ఇక్కత్ డిజైన్ అంచు దారం దారానికీ కొంచెం చెదిరి, ఈకలా ఉంటుంది. ప్రింట్‌లో అంచు గీత గీసినట్టు తెగిపోతుంది.

లేబుల్ సంగతి చాలామందికి తెలీదు. సిల్క్ మార్క్ చెప్పేది పట్టు స్వచ్ఛమైనదా అనే. చేతిమగ్గం మీద నేశారా అన్నది చెప్పదు. దానికి హ్యాండ్లూమ్ మార్క్ వేరే ఉంది. మరమగ్గం మీద కూడా ఇక్కత్ దారం నేయొచ్చు, అది మాత్రం నేను ఫొటోలో పట్టుకోలేను. అందుకే నా పోస్టుల్లో “చేతిమగ్గం” అని ఊరికే రాయను.

సాయంత్రానికి నాలుగు చీరల ఫొటోలొచ్చాయి, మూడేసి చొప్పున, తేదీతో సహా. జూమ్ చేసి చూశా. అంచులు చక్కగా చెదిరి ఉన్నాయి. మిగతా రెండింటివి రాలేదు. మళ్లీ అడిగితే రెండు గంటల తర్వాత వాయిస్ మెసేజ్: “అమ్మా, ఆ రెండూ ప్రింట్ వెరైటీలే. కావాలంటే 1,800కి ఇస్తా.”

నాలుగింటికే డబ్బు పంపా. ఆ రెండూ కూడా తీసుకుందామా అని ఇంకా ఆలోచిస్తున్నా. ప్రింట్ అని చెప్పి అమ్మితే తప్పేముంది?