జరగని స్కాన్ల లెక్క

జిల్లా కేంద్రంలో ఒక వంద పడకల ప్రైవేటు ఆసుపత్రి ఉందనుకుందాం. రేడియాలజీలో ఒకటే అల్ట్రాసౌండ్ మెషిన్. రేడియాలజిస్టు సాయంత్రం ఆరింటికి వెళ్లిపోతారు. క్యాజువాల్టీ, ఐసీయూ డాక్టర్లు తమకు విడిగా ఇంకో మెషిన్ కావాలంటారు. ‘ఉన్నదే మధ్యాహ్నం పూట ఖాళీగా ఉంటోంది, ఇంకోటెందుకు? కారణాలు రాసివ్వండి’ అంటుంది యాజమాన్యం. అలా రాసిచ్చే నోట్ ఎలా ఉండాలో నమూనా అంకెలతో చూద్దాం.

ఎక్కువమంది మొదట చేసే పని రేడియాలజీ రిజిస్టర్ తెరిచి నెలకు ఎన్ని స్కాన్లయ్యాయో కూడడం. నోట్ అక్కడే బలహీనపడుతుంది. ఆ రిజిస్టర్‌లో జరిగిన స్కాన్లే ఉంటాయి. జరగాల్సి ఉండి జరగనివి అందులో కనిపించవు. వాటి కోసం వార్డుల నుంచి వెళ్లిన రిక్వెస్ట్ స్లిప్పులు తీయాలి. డాక్టరు స్కాన్ రాసిన సమయం, స్కాన్ మొదలైన సమయం, రిపోర్టు చేతికొచ్చిన సమయం అనే మూడు గడులతో ఒక పట్టీ వేసి, మూడు నెలల స్లిప్పులను రిజిస్టర్‌తో ఒక్కొక్కటిగా సరిచూడాలి. విసుగు పుట్టించే పనే, కానీ నోట్‌కు ప్రాణం అదే.

మన నమూనా ఆసుపత్రిలో మూడు నెలల్లో క్యాజువాల్టీ, ఐసీయూల నుంచి 540 స్లిప్పులు వెళ్లాయి. రిజిస్టర్‌లోకి ఎక్కినవి 396. మిగతా 144 ఏమయ్యాయో కేస్‌షీట్లు చెబుతాయి. 61 మందిని బయటి డయాగ్నస్టిక్ సెంటర్‌కు పంపారు. 38 మందికి అల్ట్రాసౌండ్ అందుబాటులో లేక సీటీ తీశారు. 45 మందికి స్కాన్ లేకుండానే వైద్యం చేశారు, లేదా వేరే ఆసుపత్రికి రాసిచ్చారు. వీటిలో ఎక్కువ భాగం సాయంత్రం ఆరు తర్వాతివే అయితే ‘మధ్యాహ్నం ఖాళీ’ అన్న ప్రశ్నకు అదే జవాబు. మధ్యాహ్నం ఖాళీగా ఉండే మెషిన్ రాత్రి పదకొండుకు వచ్చిన ప్రమాద కేసుకు ఏ విధంగానూ అక్కరకు రాదు.

రిజిస్టర్‌కే కాదు, స్లిప్పులకు కూడా అందని వాడకం ఇంకొకటి ఉంది. ఐసీయూలో మెడ దగ్గరి పెద్ద సిరలోకి సెంట్రల్ లైన్ వేసేటప్పుడు సూది ఎటు పోతోందో తెర మీద చూసుకుంటూ వేయడం మేలు. చేతి అంచనాతో వేస్తే పక్కనున్న ధమనికి గుచ్చుకోవచ్చు, ఊపిరితిత్తి పొర చిల్లు పడవచ్చు. ఇంగ్లండులో నైస్ సంస్థ 2002లోనే ఈ పనికి అల్ట్రాసౌండ్ వాడమని సిఫారసు చేసింది. దీనికి ఎవరూ స్లిప్ రాయరు. కాబట్టి ఐసీయూ ప్రొసీజర్ రిజిస్టర్ నుంచి మూడు నెలల్లో ఎన్ని లైన్లు వేశారో, ఎన్నిసార్లు ఒకటికి మించి గుచ్చాల్సి వచ్చిందో ఎత్తి రాయాలి.

నోట్ చదివేవాళ్లలో అకౌంట్స్ వాళ్లూ ఉంటారు గనుక క్యాజువాల్టీలో ఈ మెషిన్ ఏం చేస్తుందో ఒక పేరాలో చెప్పాలి. బండి మీద నుంచి పడి కడుపు దెబ్బ తగిలిన మనిషికి ‘ఫాస్ట్’ అనే పరీక్ష చేస్తారు. కుడి పక్కటెముకల కింద ప్రోబ్ ఆనిస్తే కాలేయం, దాని వెనక మూత్రపిండం ఒకదానికొకటి అంటుకుని కనబడతాయి. ఆ రెంటి మధ్య నల్లటి చార కనిపిస్తే అక్కడ ద్రవం చేరింది, ప్రమాద కేసులో అది చాలావరకు రక్తమే. తర్వాత ఎడమ వైపు ప్లీహం దగ్గర, పొత్తికడుపులో, గుండె చుట్టూ చూస్తారు. అలవాటైన చేతికి కొద్ది నిమిషాల పని. అయితే నల్ల చార లేనంత మాత్రాన గాయం లేదని కాదు. పేగు చిరగడం, వెన్ను వైపు రక్తస్రావం దీనికి దొరక్కపోవచ్చు. అందుకని ‘సీటీలు తగ్గిపోతాయి’ అని నోట్‌లో వాగ్దానం చేయకూడదు. ఆ మాట రాస్తే ఏడాది తిరక్కుండానే అదే కాగితం ఎదురు తిరుగుతుంది.

ఇక ఖర్చు. రెండు కొటేషన్లు వచ్చాయనుకుందాం. రెండింటి ధరలోనూ జీఎస్టీ కలిపే చూడాలి. వైద్యసేవల మీద ఆసుపత్రి చాలావరకు జీఎస్టీ వసూలు చేయదు కాబట్టి, మెషిన్ మీద కట్టింది సాధారణంగా తిరిగి రాదు. మొదటి మెషిన్ 12 లక్షలు. కడుపుకు, రక్తనాళాలకు, గుండెకు మూడు ప్రోబ్‌లూ అందులోనే. మూడేళ్ల వారంటీ, ఆ తర్వాత ప్రోబ్‌లతో సహా సీఎంసీ ఏడాదికి 72 వేలు. రెండోది 8 లక్షలే, కానీ ఒకే ప్రోబ్. మిగతా రెండూ కొనాలంటే మరో 3.5 లక్షలు. వారంటీ ఏడాది, తర్వాత సీఎంసీ 50 వేలు, అందులో ప్రోబ్‌లకు రక్షణ లేదు.

ఏడేళ్ల వాడకానికి లెక్క వేస్తే మొదటిదానికి నాలుగేళ్ల సీఎంసీ కలిపి 14.88 లక్షలవుతుంది. రెండోదానికి ఆరేళ్ల సీఎంసీతో 14.5 లక్షలు. ఇక్కడితో ఆపితే రెండోదే చవక. కానీ క్యాజువాల్టీలో ప్రోబ్ చేజారి కింద పడడం, ట్రాలీ చక్రం కింద వైరు నలగడం మామూలే. ఏడేళ్లలో ఒక్క ప్రోబ్ పోయి 2 లక్షలు పెట్టాల్సి వచ్చినా మొత్తం 16.5 లక్షలకు చేరుతుంది. పైగా ప్రోబ్ పాడైన సంగతి వెంటనే తెలియదు. జెల్ రాయకుండా ప్రోబ్‌ను గాలిలో పట్టుకుంటే తెర పైభాగంలో అడ్డగీతలు ఒకే తీరుగా రావాలి. మధ్యలో నిలువుగా నల్లటి పట్టీ కనిపిస్తే అక్కడి స్ఫటికాలు పనిచేయడం లేదన్నమాట. అందుకే ప్రోబ్ సీఎంసీలో ఉందో లేదో ధర కంటే ముందు అడగాలంటాను.

మొదటి మెషిన్ ఏడాది భారం, జెల్, కాగితాల్లాంటి వాటికి 40 వేలు కలిపి, దాదాపు 2.53 లక్షలు. స్కాన్‌కు 900 వసూలు చేసి, రిపోర్టు ఫీజు పోను 700 మిగిలితే, ఖర్చు రాబట్టడానికి వారానికి ఏడు కొత్త స్కాన్లు కావాలి. కొత్తవి అన్నది ముఖ్యం. ఆ 396ను కొత్త మెషిన్ ఖాతాలో వేసుకోవడం ఒక జేబులోది ఇంకో జేబులో పెట్టుకోవడమే. పోయిన 144 స్కాన్లలోనూ సీటీ తీసిన 38ని పక్కన పెట్టాలి, ఆసుపత్రికి సీటీ డబ్బు అప్పటికే వచ్చింది. మిగిలిన 106 అంటే వారానికి ఎనిమిది. ఏడు కావాల్సిన చోట ఎనిమిది దొరుకుతున్నాయి, పెద్ద లాభమేమీ లేదు. ఆ మాట దాచకుండా రాస్తేనే నోట్‌ను నమ్ముతారు. మెషిన్ తన ఖర్చు తాను మోస్తుంది, రాత్రి కేసులూ సెంట్రల్ లైన్లూ దాని అసలు ప్రయోజనం అని చెప్పడమే న్యాయం.

చివరి పేజీ చట్టానిది. గర్భస్థ లింగ నిర్ధారణను నిషేధించే 1994 చట్టం కింద, గర్భిణులకు వాడకపోయినా, ఈ మెషిన్ కూడా ఆసుపత్రి రిజిస్ట్రేషన్‌లోకి ఎక్కాలి. కొత్తది చేరుతున్న సంగతి జిల్లా అధీకృత అధికారికి 30 రోజుల ముందే తెలపాలి. రిజిస్టరైన ఆవరణ దాటించి పక్క క్లినిక్‌కు పట్టుకెళ్లడానికి వీల్లేదు. గర్భిణికి వాడితే ఫారం ఎఫ్ నింపాల్సిందే. ఎవరు వాడతారో వారి పేర్లు, అర్హత, శిక్షణ పత్రాలు నోట్‌కు జతచేయాలి. రాత్రి డ్యూటీ పట్టికలో అలాంటి డాక్టరు ప్రతి రోజూ ఒకరైనా లేకపోతే, ముందు శిక్షణకు అనుమతి అడిగి, మెషిన్ ఆర్డరు ఆ తర్వాతి త్రైమాసికానికి పెట్టుకోవడం మంచిది.