నేలపటం నుండి వీధిలోకి

బడి గదిలో నేలపై సుద్దముక్కతో రెండు వీధులు, ఒక కూడలి, తెల్లచారల దారి గీస్తారు. ఒకరు ఎరుపు, పచ్చ అట్టలు చూపుతుంటే, మిగిలిన పిల్లలు ఆగుతూ నడుస్తూ దారి దాటుతారు. మన దేశంలో వాహనాలు ఎడమవైపున సాగుతాయి. కనుక రోడ్డు అంచున నిలిచినవారికి దగ్గరగా వచ్చే వాహనం కుడివైపు నుండి వస్తుంది. అందుకే ముందు కుడికి, తరువాత ఎడమకు, మళ్ళీ కుడికి చూడడం నేర్పుతారు.

అయితే నేలపటంపై పిల్లవాడు వీధినంతా పైనుండి చూస్తాడు. నిజమైన వీధిలో ఆగి ఉన్న ఆటో అతని కంటే ఎత్తుగా ఉండి, వెనుక వచ్చే వాహనాన్ని మరుగుపరుస్తుంది. నియమాన్ని తప్పులేకుండా అప్పజెప్పిన ఐదేళ్ళ బాలుడు కూడా అక్కడ తల మాత్రమే తిప్పి, ఏమీ గమనించకుండా అడుగు వేయవచ్చు. “కుడివైపు ఏం కనిపించింది?” అని అడిగితే ఆ లోపం బయటపడుతుంది.

కాబట్టి ఉపాధ్యాయురాలు అతని చేయి పట్టుకొని, రద్దీ లేని వీధిలో, వాహనాలు అడ్డులేని చోటును అతని చేతనే ఎంపిక చేయించి, పలుమార్లు దాటిస్తుంది. ఇంత సాధన చేసినా, వచ్చే వాహనం వేగాన్ని అంచనా వేసే శక్తి ఆ వయసులో పూర్తిగా అలవడదు. అందుచేత పెద్దల చేయి అప్పుడే వదలరాదు.