స్తంభం మీది బ్యాటరీకి డబ్బెవరిస్తారు?

ప్రకాశం జిల్లాలోని ఓ మెట్ట పల్లె. పంచాయతీ సమావేశంలో సర్పంచ్, వార్డు మెంబర్లు, కార్యదర్శి, డ్వాక్రా సంఘాల లీడర్లు కూర్చున్నారు. సోలార్ వీధి దీపాల గురించి చెప్పడానికి వచ్చిన సామాజిక కార్యకర్త మొదటి మాటే చాలామందికి మింగుడుపడలేదు. "సర్పంచ్ గారూ, కరెంటు బిల్లు తగ్గుద్దని సోలార్ పెట్టుకోవాలనుకుంటే మాత్రం వద్దండీ" అందామె.

ఎందుకో లెక్క వేసి చూపించింది. కరెంటు స్తంభానికి తగిలించిన 20 వాట్ల ఎల్ఈడీ దీపం రాత్రికి 12 గంటలు వెలిగితే ఏడాదికి 88 యూనిట్లు కూడా దాటదు. యూనిట్ 7 రూపాయలనుకున్నా బిల్లు 600 పైచిలుకే. స్తంభం, పలక, బ్యాటరీ, దీపం కలిపి సోలార్ సెట్టు బిగింపుతో సుమారు 20 వేలవుతుందని ఆమె అంచనా. ఆ 20 వేలూ బిల్లు మిగులు మీదే రాబట్టాలంటే ముప్పై ఏళ్లు దాటుతుంది. అప్పటికి బ్యాటరీ నాలుగైదు సార్లు మార్చాల్సి ఉంటుంది.

మరి పంచాయతీలకు వీధి దీపాల బిల్లు అంతంత ఎందుకొస్తోంది? చాలా ఊళ్లలో దీపాలు పట్టపగలు కూడా వెలుగుతూనే ఉంటాయి. వీధి దీపాలకు విడిగా మూడో తీగ, దానికో స్విచ్చు లేకపోతే వాటిని ఆర్పే దారే ఉండదు. మూడో తీగ లాగి, స్విచ్చు పెట్టి, ఉదయం ఆరింటికి కట్టేసే బాధ్యత ఒకరికి అప్పగిస్తే సగం బిల్లు అక్కడే తగ్గుతుంది. స్తంభాలున్న వీధులకు ఇదే చవకైన మార్గమని ఆమె తేల్చి చెప్పింది. వచ్చిన పనికి ఎదురు తిరిగే మాటే అయినా దాచలేదు. ఈ నిజాయితీ వల్లే ఆ తర్వాత ఆమె చెప్పింది వినాలనిపిస్తుంది.

సోలార్ అక్కరకొచ్చేది కరెంటు తీగ వెళ్లని చోట. ఈ ఊళ్లో మెయిన్ రోడ్డు నుంచి ఎస్సీ కాలనీకి వెళ్లే 350 మీటర్ల డొంక అలాంటిదే. దాని పొడవునా ఒక్క స్తంభం లేదు. తెల్లవారుజామున మిరప కోతలకు వెళ్లే ఆడవాళ్లు, పాలకేంద్రానికి క్యాన్లు మోసేవాళ్లు, సాయంత్రం చివరి బస్సు దిగి ఇంటికి నడిచే కాలేజీ పిల్లలు ఆ దారినే వెళ్లాలి. ఆమె ముందుగా కాలనీ ఆడవాళ్లతో కలిసి చీకట్లో ఆ డొంక నడిచింది. కాలు జారే చోటు, మలుపు, కంప దట్టంగా పెరిగిన చోటు, ఇలా వాళ్లు ఆగి చూపించిన ప్రతిచోటా సున్నంతో గుర్తు పెట్టించింది. అలా తేలినవి ఎనిమిది. బస్ షెల్టరు, పాలకేంద్రం, వాటర్ ట్యాంకు, శ్మశానం కలిపితే పన్నెండు.

ఎనిమిది దీపాలతో డొంకంతా పట్టపగలులా ఉండదు. దీపానికీ దీపానికీ మధ్య చీకటి ఉంటుంది, టార్చి అవసరం పూర్తిగా పోదు. వానాకాలంలో పాముల భయం ఊహ కాదు. 2000 నుంచి 2019 దాకా దేశంలో ఏటా సగటున 58 వేల మంది పాముకాటుతో చనిపోయారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా. ఎక్కువ మరణాలు నమోదైన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రాంతమూ ఉంది. దీపం పామును ఆపదు, అడుగు ఎక్కడ వేస్తున్నామో చూపిస్తుంది.

ఈ మాటలు సాగుతుండగా ఓ మెంబరు లేచాడు. "మా వార్డుకు ఒక్కటీ లేదేందమ్మా? రామాలయం దగ్గరన్నా పెట్టండి." బీహార్ ప్రభుత్వం తన గ్రామీణ సోలార్ దీపాల పథకంలో వార్డుకు 10 చొప్పున కేటాయించింది. అలా సమానంగా పంచితే గొడవ ఉండదు. కానీ చేతిలో ఉన్నది పన్నెండు దీపాల డబ్బే. రామాలయం వీధిలో కరెంటు స్తంభాలున్నాయి, డొంకలో లేవు. సమానంగా పంచడం కన్నా చీకటి ఉన్న చోట పెట్టడమే ఇక్కడ న్యాయం.

ఇక అసలు సంగతి, బ్యాటరీ. ఆమె వెంట తెచ్చిన పెట్టెను బల్ల మీద పెట్టి మూత విప్పింది. లోపల చిన్న ఇటుకంత లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ, పక్కనే కంట్రోలర్. 12 వాట్ల దీపం మొదటి నాలుగు గంటలు పూర్తి వెలుగుతో, తర్వాత సగం వెలుగుతో తెల్లవార్లూ వెలిగితే రాత్రికి వంద వాట్-గంటలు ఖర్చవుతుంది. 12.8 వోల్టుల, 30 ఆంపియర్-గంటల బ్యాటరీలో 384 దాకా నిల్వ ఉంటుంది. అంటే ముసురు పట్టి మూడు రోజులు ఎండ మొహం చూడకపోయినా దీపం ఆరదు. చవకగా ఇస్తామనే వాళ్లు కోత పెట్టేది ఇక్కడే. స్తంభం, దీపం పైకి అలాగే కనిపిస్తాయి, లోపల బ్యాటరీ సగం ఉంటుంది. ఆ సంగతి మొదటి వానాకాలం వచ్చేదాకా తెలియదు.

మంచి బ్యాటరీ కూడా ఆరేళ్లు పనిచేస్తే సంతోషించాలి. మార్చడానికి ఒక్కోటి ఆరు వేలనుకుంటే పన్నెండింటికి 72 వేలు. ఆరేళ్లకు పంచితే నెలకు వెయ్యి. ఆ వెయ్యి ఇప్పటినుంచే ఇంటిపన్ను రాబడిలోంచి పక్కన పెట్టకపోతే ఏడో ఏట ఊళ్లో పన్నెండు ఇనుప స్తంభాలు మిగులుతాయి. చాలా ఊళ్ల పొలిమేరల్లో అలాంటివి ఇప్పటికే నిలబడి ఉన్నాయి.

రోజువారీ సంరక్షణ కష్టమేమీ కాదు, కాకపోతే మానకూడదు. ఎండాకాలంలో పదిహేను రోజులకోసారి నిచ్చెన వేసి పలకను తడిగుడ్డతో తుడవాలి. పలక దక్షిణానికి పదిహేను డిగ్రీల వాలుతో ఉండాలి, దాని మీద చెట్టు నీడ పడకూడదు. జబ్బు గుర్తుపట్టడం కూడా చెప్పింది. దీపం వెలిగి అర్ధరాత్రికే ఆరిపోతుంటే ముందు పలక తుడవాలి. రెండు మూడు రోజులు బాగా ఎండ కాసినా అలాగే ఉంటే బ్యాటరీ నీరసించినట్టు. పగలు వెలుగుతుంటే పలక నుంచి వచ్చే తీగ ఊడిందేమో చూడాలి. పలక నుంచి కరెంటు రాకపోతే కంట్రోలర్ రాత్రయిందనుకుని దీపం వెలిగిస్తుంది, బ్యాటరీ మొత్తం ఖాళీ అవుతుంది. ఇది ఎవరైనా దారిన పోతూ చూసి చెప్పగలిగిన సంగతి. అందుకే ఫిర్యాదు నంబరును ప్రతి స్తంభం మీదా పెయింటుతో రాయించాలంది.

"కంపెనీవాళ్లు బిగించి పోయాక ఫోనెత్తరమ్మా, అప్పుడేం జేయాల?" అని డ్వాక్రా లీడరు అడిగింది. 2016లో కేంద్రం మొదలుపెట్టిన అటల్ జ్యోతి యోజనలో ఐదేళ్ల నిర్వహణ కూడా సరఫరాదారుదిగానే ఉండేది. పంచాయతీ కూడా ఆ షరతే టెండర్లో రాసుకోవచ్చు. కాగితం మీద షరతుంటే సరిపోదు కాబట్టి బిల్లులో కొంత సొమ్ము ఆపి, దీపాలు వెలుగుతున్నాయని చూసుకుంటూ ఏటా కొంత విడుదల చేయమని ఆమె సూచించింది.

డబ్బు ఎక్కడిదన్న ప్రశ్నకు కార్యదర్శి జవాబిచ్చాడు. 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే కట్టుబడి ఉండేది, దీపాలకు మిగతా 40 శాతంలోంచే తియ్యాల్సి ఉండేది. పన్నెండింటికి 2 లక్షల 40 వేలు ఒక్కసారే కుదరదన్నాడు. చర్చ చివరికి మొదటి విడతలో డొంకకు ఎనిమిది, పాలకేంద్రానికి ఒకటి అని తీర్మానం రాశారు. రామాలయం వీధికి మూడో తీగ, స్విచ్చు. బ్యాటరీల కోసం నెలకు 750 రూపాయలు విడిగా జమ. మలుపు దగ్గర వేపచెట్టు కొమ్మ కొట్టడానికి పొలం యజమాని ఒప్పుకోలేదు, దాంతో ఆ స్తంభం గుర్తును పది అడుగులు ముందుకు జరిపారు.