సీటు బెల్టు ప్రశ్నకు జవాబేది?

కారు స్టార్ట్ చేయగానే బీప్ బీప్‌మని మోత. డ్రైవరు సీటు బెల్టు పెట్టుకుంటే ఆగిపోతుంది. కొన్నాళ్లకు కారెక్కగానే అతని చెయ్యి బెల్టు కోసం వెళ్తుంది. ఇది దేనికి ఉదాహరణ? మనస్తత్వశాస్త్రం పరీక్షల్లో ఇలాంటి ప్రశ్న చూడగానే చాలామంది 'దండన' అని గుర్తు పెట్టేస్తారు. మోత చికాకు పెట్టేదే కదా! సరైన జవాబు మాత్రం రుణాత్మక పునర్బలనం.

ఇక్కడ ధనాత్మకం అంటే ఏదో ఒకటి కొత్తగా రావడం, రుణాత్మకం అంటే ఉన్నది పోవడం. మంచిచెడ్డలతో వాటికి పనిలేదు. ఆ పని పెరిగితే పునర్బలనం, తగ్గితే దండన. బెల్టు పెట్టుకోవడం పెరిగింది; పెరగడానికి కారణం మోత పోవడం.

అదే ప్రశ్నను కొంచెం తిప్పి చూడండి. బెల్టు లేకుండా నడిపితే మోత మొదలవుతోంది, అందువల్ల అలా నడపడం తగ్గింది. ఇప్పుడు జవాబు ధనాత్మక దండన! కారూ అదే, మోతా అదే. ఏ పని గురించి అడుగుతున్నారన్నదొక్కటే మారింది. ఆ పని పేరు చెప్పకుండా ప్రశ్న ఇవ్వడం విద్యార్థికి అన్యాయం చేయడమే.

పొద్దుపోయేదాకా ఫోన్లో ఆడే పిల్లాడి దగ్గర్నుంచి తల్లి ఫోన్ తీసేసుకుంటే, ఆట తగ్గితే? పోయింది, తగ్గింది. కాబట్టి రుణాత్మక దండన. దీన్ని రుణాత్మక పునర్బలనంగా చెప్పుకోవడం తరచూ జరిగే పొరపాటు. ఈ తికమకకు పాత చరిత్రే ఉంది. 1938లో వచ్చిన 'ది బిహేవియర్ ఆఫ్ ఆర్గనిజమ్స్'లో స్కిన్నర్ కూడా రుణాత్మక పునర్బలనం అనే పేరును ఇప్పుడు మనం దండన అంటున్న దానికే వాడాడు. 1953 నాటి 'సైన్స్ అండ్ హ్యూమన్ బిహేవియర్'లో ఇప్పటి అర్థం కనిపిస్తుంది.

ఇవన్నీ కార్యసాధక నిబంధనంలోవి. అక్కడ ఫలితం జీవి చేసిన పనిని బట్టి వస్తుంది. పావ్లోవ్ కుక్కకు అలా కాదు. అది ఏం చేసినా చేయకపోయినా సంకేతం వెనకే ఆహారం వస్తుంది. అది శాస్త్రీయ నిబంధనం.

రెండూ ఒకేచోట కలిసిన సందర్భం 1920లో వాట్సన్, రేనర్ ప్రచురించిన ఆల్బర్ట్ ప్రయోగం. పాఠ్యపుస్తకాలు దాన్ని శాస్త్రీయ నిబంధనంగానే చెబుతాయి. కానీ వాళ్ల నివేదిక ప్రకారం, మొదట పసివాడు తెల్ల ఎలుక కోసం చెయ్యి చాచి దాన్ని తాకగానే వెనక ఉక్కు కడ్డీని సుత్తితో కొట్టారు. అంటే మోత వాడు చేసిన పని వెంటే వచ్చింది. ఆ తర్వాత వాడు చెయ్యి చాచడానికి జంకడాన్ని ధనాత్మక దండనగా వివరించవచ్చు. అయితే మోత లేకుండా ఎలుకను చూపినా ఏడ్చాడే, ఆ భయానికి దండన చాలదు. దానికి ఎలుకా మోతా జతపడటమే కారణం. కాబట్టి ప్రశ్న వాడి చేతి గురించా, ఏడుపు గురించా అన్నది ముందు తేలాలి.