నూనె రాసిన కొద్దీ రాలే పొట్టు

దీక్ష చివరి వారంలో నల్ల చొక్కా మీద తెల్లగా ఏదో రాలుతుంటే మా బావమరిది విభూతి అనుకున్నాడట. నుదుటిది కదా, చెమటకి జారుంటుందిలే అని దులుపుకున్నాడు. గంట తర్వాత చూస్తే మళ్లీ అంతే. మకరజ్యోతి చూసొచ్చి మాల తీశాక కూడా అది రాలడం మానకపోయేసరికి, అది విభూతి కాదనీ గడ్డంలోంచి వస్తోందనీ అప్పుడు తెలిసింది.

అసలు దురద అంతకు చాలా ముందే మొదలైంది. మాల వేసుకున్న రెండో వారంలోనే చెంపలు జివ్వున లాగేవట. అది చుండ్రు కాదు. అప్పటిదాకా రోజూ బ్లేడు తగిలిన వెంట్రుకల కొసలు పదునుగా ఉంటాయి. అవి కాస్త పెరిగి వంగేసరికి కొసలు తిరిగి చర్మానికే గుచ్చుకుంటాయి. కొత్తగా గడ్డం పెంచేవాళ్లందరికీ తెలిసిన బాధే ఇది. వెంట్రుక పొడవు పెరిగి మెత్తబడ్డాక, మూడు నాలుగు వారాల్లో దానంతటదే పోతుంది. పొట్టు రాలదు, ఎరుపెక్కదు. మావాడికీ అలాగే తగ్గింది. తగ్గాక మళ్లీ మొదలైన దురద వేరు. దాన్ని కూడా మొదటిదే అనుకోవడం దగ్గర దారి తప్పాడు.

గడ్డం తనకి బాగుందని నలుగురూ అనేసరికి తీయబుద్ధి కాలేదు. పొట్టు రాలుతోందంటే చలికాలం కదా, చర్మం ఎండిపోయిందని మా అత్తగారు తేల్చేశారు. రోజూ రాత్రి కొబ్బరినూనె గోరువెచ్చగా కాచి ఇచ్చేవారు. రాసుకున్న గంటసేపు హాయిగా ఉండేదట. పొద్దున్నకి మళ్లీ గోకుడే. రెండు వారాలు నూనె పట్టించాక ఒక ఆదివారం మా ఇంటికొచ్చి, "బావా, గడ్డం తీసేస్తాను, నా వల్ల కాదు" అన్నాడు.

కిటికీ దగ్గర కూర్చోబెట్టి గడ్డం పాయ తీసి చూశాను. చుబుకం కింద చర్మం ఎర్రగా ఉంది. పొట్టు పిండిలా పొడిగా లేదు. పసుపు ఛాయలో జిడ్డుగా, వెంట్రుక మొదలుకి అంటుకుని ఉంది. ఆ తర్వాత గడ్డం వదిలేసి ముక్కు పక్కల, కనుబొమ్మల మధ్య, చెవుల వెనక చూశాను. అక్కడా అదే ఎరుపు, అదే పొట్టు. ఇక అనుమానం లేదు. ఉత్తినే పొడిబారిన చర్మమైతే స్నానం చేసి తుడుచుకోగానే బిగుసుకుపోతుంది, సన్నటి తెల్లపొడి రాలుతుంది, కాస్త లోషన్ రాస్తే తగ్గుతుంది. నూనె గ్రంథులు ఎక్కువగా ఉన్న చోట్లే వెతుక్కుని వచ్చేది మాత్రం చుండ్రు. డాక్టర్లు దీన్ని సెబోరిక్ డెర్మటైటిస్ అంటారు.

తలలోనైనా గడ్డంలోనైనా దీని వెనకున్నది మలసీజియా అనే ఈస్టు. 1874లోనే దీన్ని చుండ్రు పొట్టులో చూసి వర్ణించిన ఫ్రెంచి శాస్త్రవేత్త మలస్సే పేరే దానికి పెట్టారు. ఇది అందరి చర్మం మీదా ఉంటుంది, అంటురోగం కాదు. తనకి కావలసిన కొవ్వు ఆమ్లాలను ఇది సొంతంగా తయారుచేసుకోలేదు. చర్మం వదిలే జిడ్డును విరగ్గొట్టి తనకి పనికొచ్చేవి తినేసి, ఓలియిక్ ఆమ్లం లాంటివి వదిలేస్తుంది. అవి కొందరి చర్మానికి అసలు పడవు. చర్మం ఎర్రబడి, పైపొర కణాలను తొందర తొందరగా తోసేస్తుంది. మామూలుగా ఒక్కొక్కటిగా కంటికి కనబడకుండా రాలాల్సిన కణాలు రేకుల్లా కట్టుగా ఊడొస్తాయి. మనం చూసే పొట్టు అదే. వంటింటి నూనెల్లోనూ ఆ ఈస్టుకి కావలసిన కొవ్వు ఆమ్లాలే ఉంటాయి. మా అత్తగారు ప్రేమగా కాచి ఇచ్చిన నూనె ఎవరి కడుపు నింపిందో ఇక చెప్పక్కర్లేదు.

అందుకని ముందు నూనె మాన్పించాను. రెండో పని కత్తిరింపు. గడ్డం తీసేయక్కర్లేదు గానీ, రెండంగుళాల గడ్డం మీద ఏ మందు పోసినా వెంట్రుకల మీదే ఉండిపోతుంది, అడుగున చర్మానికి చేరదు. ట్రిమ్మర్‌కి 6 మిల్లీమీటర్ల గార్డు పెట్టి మొత్తం తగ్గించమన్నాను. నున్నగా గీయించుకుంటే మళ్లీ పదును కొసల గొడవ మొదటికొస్తుంది. పొట్టు ఉన్నన్నాళ్లూ ఈ పొడవు దాటనివ్వకుండా వారానికోసారి ఇంట్లో సొంత ట్రిమ్మర్‌తోనే కత్తిరించుకున్నాడు. వాడిన ప్రతిసారీ బ్లేడు విప్పి, బ్రష్షుతో దులిపి, ఆరబెట్టేవాడు.

మూడోది కడగడం. అసలు సంగతంతా ఇక్కడే ఉంది. మందుల షాపులో 2 శాతం కీటోకొనజోల్ షాంపూ దొరుకుతుంది. బుధవారం, ఆదివారం, వారానికి రెండుసార్లు. ముందు గడ్డం బాగా తడపాలి. చెంచాడు షాంపూ తీసుకుని వేలికొసలతో, గోళ్లు తగలకుండా, చర్మానికే పట్టించాలి. ముక్కు పక్కలకీ కనుబొమ్మలకీ కూడా, కళ్లలో పడకుండా. నురగ వచ్చింది కదా అని వెంటనే కడిగేస్తే డబ్బులు దండగ, అయిదు నిమిషాలు ఆగాలి. మావాడు ఆ అయిదు నిమిషాలూ పళ్లు తోముకునేవాడు. తర్వాత ధారాళంగా కడిగి, తువ్వాలుతో అద్ది, కుదుళ్ల దాకా ఆరనివ్వాలి. తడి గడ్డం మీదే హెల్మెట్ పట్టీ బిగించి బండెక్కితే దురదను పిలిచినట్టే. తలలోనూ చుండ్రుంటే అదే షాంపూతో తలా రుద్దుకోవాలి.

మిగతా రోజుల్లో ఘాటులేని ఫేస్‌వాష్ ఒక్కసారి చాలు. ఒంటిసబ్బు వద్దు. దాని క్షారగుణం చర్మాన్ని రేపుతుంది. పైగా బోరు నీళ్లలోని సున్నంతో కలిసి తెట్టులా వెంట్రుకల అడుగున పేరుకుంటుంది. ఆ తెట్టునీ పొట్టే అనుకుని ఇంకాస్త సబ్బు రుద్దేవాళ్లను చూశాను. కాగే నీళ్లూ వద్దు.

మావాడికి వారంలో దురద సగమైంది. రెండు వారాలకి పొట్టు ఆగేసరికి షాంపూ మానేశాడు. పది రోజుల్లో ముక్కు పక్కన మళ్లీ ఎరుపు! నాలుగు వారాలూ పూర్తి చేయాల్సిందే. ఆ తర్వాత వారానికో పదిహేను రోజులకో ఒకసారి వాడుతుండాలి. ఆ ఈస్టు చర్మం మీద కాపురముండేది, పూర్తిగా పోదు. చలికాలంలోనూ, నిద్ర చాలని రోజుల్లోనూ మళ్లీ తలెత్తుతుంది.

మందుల షాపులో "దురద" అనగానే చేతిలో పెట్టే ట్యూబుల సంగతి కూడా చెప్పాలి. వాటిలో చాలావాటిలో ఘాటైన స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజుల్లో మాయలా తగ్గుతుంది, మానగానే రెట్టింపై తిరిగొస్తుంది. నెలల తరబడి ముఖానికి రాస్తే చర్మం పలచబడి ఎర్ర నరాలు తేలతాయి. నాలుగు వారాలు షాంపూ వాడినా తగ్గకపోతే చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లాలి. అంచులు తేలిన గుండ్రటి మచ్చలా ఒకే చోట ఉండి, లాగితే వెంట్రుకలు ఊడొస్తుంటే అది తామర కావచ్చు. కుదురు కుదురుకీ చీము పొక్కులుంటే అదింకోటి. మందంగా వెండిపొలుసుల్లా ఊడుతుంటే సోరియాసిస్ కావచ్చు. గడ్డానికి నల్లరంగు వేశాక మంటెత్తి రసి కారితే తప్పు ఆ రంగుది. వీటికి నా షాంపూ వైద్యం పనికిరాదు.

మళ్లీ కార్తీకం వచ్చింది. "బావా, మాలలో ఉండగా షాంపూ వాడొచ్చంటావా?" అన్నాడు. అది నన్నడిగే ప్రశ్న కాదు, గురుస్వామిని అడగమన్నాను. "మందుకి నియమం ఏముంది స్వామీ, కాకపోతే చన్నీళ్లతోనే కడుక్కో" అన్నారట. చన్నీళ్లయినా ఫరవాలేదన్నాను.