సమానం వచ్చినప్పుడు ఎడమకే ముందు

జాన్ వాన్ న్యూమన్ 1945లో రూపొందించిన మెర్జ్ సార్ట్ జాబితాను సగానికి సగం విడగొట్టుకుంటూ పోయి, ఆ ముక్కలను వరుసలో కలుపుకుంటూ వస్తుంది. అసలు పనంతా ఆ కలపడంలోనే ఉంది.

అక్షర క్రమంలో నలుగురు విద్యార్థులున్నారు: అనిత 85, గీత 72, రవి 72, సురేష్ 85. వీళ్లను మార్కుల ప్రకారం పేర్చాలి. ఎడమ సగం సర్దుకుంటే గీత, అనిత. కుడి సగంలో రవి, సురేష్. ఇప్పుడు రెండు వరుసల్లో ముందున్న వాళ్లను పోల్చి, తక్కువ మార్కుల వారిని బయటికి తీస్తాం.

```
if L[i] <= R[j]: take L[i]
else: take R[j]
```

గీత, రవి ఇద్దరికీ 72. సమానం కాబట్టి ఎడమనున్న గీత ముందు వస్తుంది, తర్వాత రవి. అనిత, సురేష్‌ల దగ్గరా అంతే. ఫలితం: గీత, రవి, అనిత, సురేష్. సమాన మార్కుల వాళ్ల మధ్య పాత అక్షర క్రమం చెదరలేదు. దీన్నే స్టేబుల్ సార్ట్ అంటారు.

కారణం తేలికే. ఎడమ సగంలోని వాళ్లంతా మొదటి జాబితాలో కుడివాళ్లకన్నా ముందున్నవాళ్లే. ఒకే సగంలోని వాళ్లను ఎప్పుడూ ముందునుంచే తీస్తాం. ఒక్కరే మిగిలిన ముక్కలో తారుమారయ్యేదేమీ లేదు.

`<=` బదులు `<` రాస్తే రవి, గీత, సురేష్, అనిత వస్తుంది. మార్కులు సరిగ్గానే పేరుకుంటాయి, అందుకే ఈ తప్పు పట్టుబడదు. అసైన్‌మెంట్‌ను ఉత్త అంకెలతో కాక, పేర్లు జతచేసి పరీక్షించండి.